సస్టైనబిలిటీ రిపోర్టుకు లిమిటెడ్ అష్యూరెన్స్, రీజనబుల్ అష్యూరెన్స్: దేనికి ఏ ఆధారం కావాలి? – తరచుగా అడిగే ప్రశ్నలు

సస్టైనబిలిటీ రిపోర్టులోని అంకెలను బయటివాళ్లు పరీక్షించి అవి ఎంతవరకు నమ్మదగినవో చెప్పడమే అష్యూరెన్స్. మేం చేసేది ఆ పనే. ప్లాంటులో ఈహెచ్ఎస్, అంటే పర్యావరణం, ఆరోగ్యం, భద్రత చూసేవాళ్లు, ఎకౌంట్స్ వాళ్లు, కంపెనీ సెక్రటరీ ఆఫీసు వాళ్లు మమ్మల్ని ప్రతి ఏడాదీ అడిగే ప్రశ్నలు ఇవి. జవాబుల్లో ఎక్కువ భాగం ఒకే ఉదాహరణ చుట్టూ తిరుగుతుంది. బొగ్గు బాయిలర్ నడిపే ఒక బల్క్ డ్రగ్ కంపెనీని ఊహించుకోండి. ఇది నిజం కంపెనీ కాదు, లెక్క అర్థం కావడానికి పెట్టుకున్నదే. ఇందులోని తప్పులు మాత్రం మేం ఫీల్డులో మళ్లీ మళ్లీ చూసినవే.

లిమిటెడ్‌కీ రీజనబుల్‌కీ అసలు తేడా ఏమిటి?

చివర్లో ఇచ్చే రిపోర్టులోని వాక్యం చూస్తే తేడా తెలిసిపోతుంది. లిమిటెడ్‌లో అష్యూరెన్స్ ఇచ్చేవాళ్లు “మేం చేసిన పనిలో ఈ సమాచారం ముఖ్యమైన విషయాల్లో తప్పుగా ఉందని అనుకోవడానికి కారణమేదీ మా దృష్టికి రాలేదు” అంటారు. రీజనబుల్‌లో “మా అభిప్రాయంలో ఈ సమాచారం ముఖ్యమైన విషయాలన్నిటిలో నిర్దేశించిన పద్ధతి ప్రకారమే తయారైంది” అంటారు.

మొదటివాళ్లు తమకు కనబడలేదని చెబుతున్నారు, రెండోవాళ్లు సరిగ్గా ఉందని చెబుతున్నారు. సరిగ్గా ఉందని చెప్పాలంటే ఎంత వెతకాలో అంతా వెతకాలి. కనబడలేదని చెప్పడానికి అంత వెతకనక్కర్లేదు, కానీ చదివేవాళ్లకు ఏదో ఒక అర్థవంతమైన నమ్మకం కలిగేంత అయినా వెతకాలి. రీజనబుల్ కూడా నూటికి నూరు శాతం గ్యారంటీ కాదు. ఫైనాన్షియల్ ఆడిట్ ఇచ్చే నమ్మకం ఏ స్థాయిదో ఇదీ ఆ స్థాయిదే.

మన దేశంలో ఏది తప్పనిసరి?

సెబీ 2021 మే సర్క్యులర్‌తో బీఆర్ఎస్ఆర్ అనే సస్టైనబిలిటీ రిపోర్టు వచ్చింది. మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలకు 2022-23 నుంచి అది తప్పనిసరి. 2023 జూలై 12 సర్క్యులర్ అందులోంచి తొమ్మిది అంశాలను విడదీసి బీఆర్ఎస్ఆర్ కోర్ అని పేరు పెట్టి, వాటికి రీజనబుల్ అష్యూరెన్స్ అడిగింది. 2023-24లో మొదటి 150 కంపెనీలు, 2024-25లో 250, 2025-26లో 500, 2026-27లో 1000 అని మెట్లు పెట్టింది.

2025 మార్చి 28 సర్క్యులర్‌తో దీనికి ఒక మార్పు వచ్చింది. కంపెనీ అష్యూరెన్స్ అయినా తీసుకోవచ్చు, లేదా ఇండస్ట్రీ స్టాండర్డ్స్ ఫోరం రూపొందించే ప్రమాణాల ప్రకారం అసెస్‌మెంట్ అయినా చేయించుకోవచ్చు. అసెస్‌మెంట్ దారిలో వెళ్లిన కంపెనీ తన రిపోర్టుకు రీజనబుల్ అష్యూరెన్స్ ఉందని రాసుకోకూడదు. అవి రెండూ వేర్వేరు పనులు.

కోర్‌లో లేని మిగతా బీఆర్ఎస్ఆర్ అంకెలకు చాలా కంపెనీలు తమంతట తాముగా లిమిటెడ్ తీసుకుంటాయి. అందుకే ఒకే రిపోర్టులో కొన్ని అంకెలకు రీజనబుల్, కొన్నిటికి లిమిటెడ్, ఇంకొన్నిటికి ఏదీ లేకపోవడం మామూలుగా కనిపిస్తుంది.

లిమిటెడ్‌లో ఒక అంకెను ఎలా చూస్తారు? ఉదాహరణతో చెప్పండి.

మన ఊహా కంపెనీ బాయిలర్ బొగ్గు తీసుకుందాం. ఏడాదిలో 19,000 టన్నులు కాల్చామని రిపోర్టు చెబుతోంది. లిమిటెడ్‌లో ముందు ఈ అంకె ఎక్కడ పుట్టి, ఎవరి చేతుల మీదుగా, ఏ ఎక్సెల్‌లోకి వచ్చిందో అడిగి తెలుసుకుంటాం. ఆ తర్వాత ఈ అంకె పక్కన దానితో సంబంధమున్న ఇంకో అంకెను పెట్టి చూస్తాం. బొగ్గుకైతే అది ఆవిరి. బాయిలర్ మీటర్ ప్రకారం ఏడాదికి 86,400 టన్నుల ఆవిరి వచ్చిందనుకోండి. అంటే టన్ను బొగ్గుకు 4.55 టన్నులు. నిరుడు 4.8 ఉంది.

ఎందుకు తగ్గిందని అడుగుతాం. వానాకాలంలో తడి బొగ్గు వచ్చింది సార్, తేమ ఎక్కువ అని బాయిలర్ ఇంచార్జి చెబుతారు. నమ్మదగిన మాటే. ఒకటి రెండు ల్యాబ్ రిపోర్టులు తీసి చూస్తే తేమ నిజంగానే కాస్త ఎక్కువగా ఉంటుంది. కొన్ని కొనుగోలు బిల్లులు చూసి, కూడికలు సరిచూసి, లిమిటెడ్‌లో చాలాసార్లు ఇక్కడితో ముగిస్తారు. ఇందులో తప్పేమీ లేదు, ఆ పని అంతవరకే.

అదే అంకెకు రీజనబుల్ అయితే?

తడి బొగ్గు అన్న వివరణ మాకు అక్కడ సమాధానం కాదు, పరీక్షించాల్సిన ఒక మాట మాత్రమే. నెలవారీగా తేమ ఎంతుందో తీసి, ఆ తేమకు ఆవిరి ఎంత తగ్గాలో లెక్కగట్టి చూస్తాం. వానాకాలం నెలల్లో తగ్గి మిగతా నెలల్లో నిరుడులాగే ఉంటే వివరణ నిలబడుతుంది. ఏప్రిల్‌లో, ఫిబ్రవరిలో కూడా అంతే తగ్గి ఉంటే కారణం ఇంకేదో ఉన్నట్టు.

తర్వాత కాగితం వెంట వెళ్తాం. లారీ గేటు దాటినప్పటి ఎంట్రీ, వేబ్రిడ్జి స్లిప్పు, స్టోర్స్ రిసీట్, ల్యాబ్ రిపోర్టు, సప్లయర్ బిల్లు – ఈ అయిదూ ఒకే లారీకి కలవాలి. వేబ్రిడ్జికి తూనికలు కొలతల శాఖ వేసిన ముద్ర గడువు లోపల ఉందా చూస్తాం. మొదటి రోజు స్టాకు, ఆఖరి రోజు స్టాకు ఎలా కొలిచారో చూస్తాం. దీనికి తోడు కంట్రోల్‌ను, అంటే తప్పులు పట్టుకోవడానికి కంపెనీ తనే పెట్టుకున్న తనిఖీని కూడా పరీక్షిస్తాం. నెలాఖరున బొగ్గు లెక్కను ప్లాంట్ హెడ్ చూసి సంతకం పెడతారని చెబితే, ఆ సంతకం ఏడాది పొడవునా ఉందా, చూసినప్పుడు ఎప్పుడైనా తప్పు దొరికి దిద్దారా అని అడుగుతాం. పన్నెండు నెలల సంతకాలూ ఒకే పెన్నుతో, ఒకే రోజున పెట్టినట్టు కనిపిస్తే ఆ కంట్రోల్ లేనట్టే లెక్క.

ఒక ప్లాంటులో నేను వేబ్రిడ్జి స్లిప్పుల ఫైలు అడిగాను. నెలవారీగా పేర్చి, గుండుసూది గుచ్చి, చాలా పద్ధతిగా ఉంచారు. తీరా తెరిస్తే సగం స్లిప్పులు తెల్ల కాగితాలే. థర్మల్ పేపర్ మీద ప్రింటు ఎండకు, వేడికి ఎగిరిపోయింది. ఆధారం ఉండేది, మేం వెళ్లేసరికి లేదు. అప్పటి నుంచి ఎక్కడికి వెళ్లినా, స్లిప్పు వచ్చిన రోజే ఫొటో తీసో స్కాన్ చేసో పెట్టమని ముందే చెబుతున్నాను.

మా ఉదాహరణలో రీజనబుల్ పనికి ఏం బయటపడింది?

మూడు తప్పులు బయటపడ్డాయి. మొదటిది, 19,000 టన్నులు కాల్చిన బొగ్గు కాదు, కొన్న బొగ్గు. మార్చి 31న యార్డులో ఉన్న స్టాకు మొదటి రోజు కంటే 1,000 టన్నులు ఎక్కువ. అంటే కాల్చింది 18,000 టన్నులే. టన్నుకు 4.8 టన్నుల ఆవిరి చొప్పున 86,400 సరిగ్గా సరిపోయింది. తేమ కాస్త ఎక్కువగా ఉన్నా, ఆవిరి నిష్పత్తి తగ్గడానికి అసలు కారణం అది కాదు.

రెండోది కేలరిఫిక్ విలువ. ల్యాబ్ రిపోర్టులో గ్రాస్ కేలరిఫిక్ విలువ కిలోకు 4,000 కిలో కేలరీలు, అంటే టన్నుకు 16.75 గిగాజౌల్స్. కంపెనీ దాన్ని ఐపీసీసీ ఇచ్చిన గిగాజౌల్‌కు 96.1 కిలోల ఉద్గార గుణకంతో హెచ్చించింది. కానీ ఐపీసీసీ గుణకాలు నెట్ కేలరిఫిక్ విలువ మీద ఇచ్చినవి. బొగ్గుకు నెట్ విలువ గ్రాస్ కంటే సుమారు 5 శాతం తక్కువ. కాబట్టి టన్ను బొగ్గుకు 1.61 టన్నుల కార్బన్ డయాక్సైడ్ కాదు, సుమారు 1.53 టన్నులు.

మూడోది కరెంటు. 24,000 మెగావాట్ అవర్లకు సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ డేటాబేస్ పాత ఏడాది గుణకం 0.716 వాడారు, వాడాల్సింది 0.727.

ఇవన్నీ చిన్న తప్పులే కదా? వీటితో అభిప్రాయం మారుతుందా?

ఒక్కొక్కటీ చిన్నదే. కలిపి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. కంపెనీ లెక్క ప్రకారం బొగ్గు 30,590 టన్నులు, కరెంటు 17,184, జనరేటర్ డీజిల్ 804 – మొత్తం 48,578 టన్నులు. ఎంత తప్పు దాటితే చదివేవాళ్ల నిర్ణయం మారుతుందో ఆ హద్దును మెటీరియాలిటీ అంటాం. దీని మీద 5 శాతం మెటీరియాలిటీ పెట్టుకున్నామనుకుందాం, అది 2,429 టన్నులవుతుంది. 5 శాతం అని ప్రమాణాల్లో రాసిలేదు, అది ఆ పని చేసేవాళ్లు విచక్షణతో పెట్టుకునే హద్దు.

స్టాకు తప్పు 1,610 టన్నులు ఎక్కువ చూపింది. గ్రాస్, నెట్ తేడా ఇంకో 1,440 ఎక్కువ చూపింది. గుణకం తప్పు 264 తక్కువ చూపింది. ఏ ఒక్కటీ హద్దు దాటలేదు. అన్నీ కలిపితే నికరంగా 2,786 టన్నులు ఎక్కువ, అది హద్దు దాటింది. దిద్దితే మొత్తం 45,792 టన్నులు. దిద్దకపోతే శుభ్రమైన అభిప్రాయం ఇవ్వలేం. అందుకే దొరికిన ప్రతి తప్పునూ, ఎంత చిన్నదైనా, ఒక పట్టికలో రాసుకుంటూ పోతాం.

ఉద్గారాలు ఎక్కువ చూపించాం, తక్కువ కాదు కదా. దానివల్ల ఎవరికి నష్టం?

ఈ ప్రశ్న చాలామంది నిజాయితీగానే అడుగుతారు. నష్టం వచ్చే ఏడాది బయటపడుతుంది. ఈ ఏడు 48,578 అని రాసి, వచ్చే ఏడు లెక్క సరిచేసి 45,792 రాస్తే, ఏమీ చేయకుండానే 5.7 శాతం తగ్గించినట్టు కనిపిస్తుంది. ఆ తగ్గుదల మీద మేనేజర్లకు బోనస్‌లు ఉండొచ్చు, బ్యాంకు వడ్డీ రేటు ఉండొచ్చు. తర్వాతి ఏళ్లను పోల్చడానికి పెట్టుకునే ఆధార సంవత్సరంలో ఎక్కువ చూపించడం తక్కువ చూపించినంత తప్పు. అందుకే ఆధార సంవత్సరం అంకెలను మేం రెండు వైపుల నుంచీ చూస్తాం.

కరెంటుకు డిస్కం బిల్లులు ఉన్నాయి కదా, అంతకంటే ఏం కావాలి?

బయటివాళ్లు ఇచ్చిన కాగితం కాబట్టి మంచి ఆధారమే. ఒక సర్వీసుకు ఏడాదికి పన్నెండే బిల్లులు, శాంపిల్ అవసరం లేదు, అన్నీ చూసేయొచ్చు. కానీ ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ హెచ్‌టీ బిల్లింగ్ కేవీఏహెచ్‌లో ఉంటుంది. బిల్లు మీద కేడబ్ల్యూహెచ్ కూడా ఉంటుంది. నిజంగా వాడిన కరెంటు కేడబ్ల్యూహెచ్‌లోనే తెలుస్తుంది, ఉద్గారాల లెక్కకు అదే తీసుకోవాలి. ఎకౌంట్స్‌లో డబ్బు లెక్క కోసం ఎక్కించిన కేవీఏహెచ్‌నే ఈహెచ్ఎస్ వాళ్లు తీసుకుంటే, పవర్ ఫ్యాక్టర్ 0.98 ఉన్నచోట 2 శాతం పెరిగిపోతుంది. ఎక్సెల్‌లో యూనిట్ల కాలమ్ మీద కేవలం “యూనిట్లు” అని రాసి ఉంటే మాకు వెంటనే అనుమానం వస్తుంది.

రీడింగ్ తీసే తేదీ కూడా చూడండి. బిల్లు నెల, క్యాలెండర్ నెల ఒకటి కాకపోవచ్చు. ఇక బిల్లులోకి రాని కరెంటు ఉంటుంది: షెడ్డు మీద సోలార్, సొంత జనరేటర్. బిల్లుల ఫైలు ఎంత పక్కాగా ఉన్నా వాటి సంగతి చెప్పదు. రీజనబుల్‌లో సర్వీసు నంబర్ల జాబితాను డిపాజిట్ ఖాతాతో, అద్దె ఒప్పందాలతో పోల్చి, వదిలేసిన గోడౌనో ఆఫీసో ఉందేమో చూస్తాం.

నీళ్లకు మీటరే లేదు. రీజనబుల్ వస్తుందా?

ఎలా అంచనా వేశారన్నదాన్ని బట్టి ఉంటుంది. ట్యాంకర్ నీళ్లయితే ట్రిప్పుల సంఖ్యను 10,000 లీటర్లతో హెచ్చిస్తారు. లిమిటెడ్‌లో ట్రిప్పుల రిజిస్టరు చూసి, ఒక ట్రిప్పుకు ఎంత అని అడిగి, ఆ పద్ధతి సబబుగా ఉందా అని చూస్తే సరిపోవచ్చు. రీజనబుల్‌లో గేటు రిజిస్టర్లోని ట్రిప్పులు, ట్యాంకర్ వాడికి కట్టిన డబ్బు కలవాలి. ట్యాంకర్ నిజంగా అంత పడుతుందా అన్నదానికి ఏదో ఒక కొలత ఉండాలి.

బోరు నీళ్లది ఇంకా కష్టం. మోటారు ఎన్ని గంటలు నడిచిందో రాసి, పంపు కెపాసిటీతో హెచ్చిస్తారు. ఎండాకాలంలో నీటిమట్టం పడిపోతే అదే పంపు అంత నీళ్లు తోడదు. పంపు ప్లేటు మీది అంకె ఏడాదంతా నిజం కాదు. ఒక నెల రోజులు మీటరు పెట్టి, వచ్చిన అంకెతో మీ అంచనాను పోల్చి చూపించండి. మీటరు ఉన్నచోట క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్ ఉండాలి. మీటరు ఆగిపోయిన రోజులకు ఏ అంకె వేశారో కూడా రాసి పెట్టాలి.

భద్రత అంకెలకు ఏ ఆధారం అడుగుతారు?

పది లక్షల పని గంటలకు ఎన్ని లాస్ట్ టైమ్ గాయాలు, అంటే మనిషి పనికి రాలేకపోయిన గాయాలయ్యాయో బీఆర్ఎస్ఆర్ కోర్‌లో చెప్పాలి. బొగ్గులో భయం ఎక్కువ చూపడం గురించైతే, ఇక్కడ భయం వదిలేయడం గురించి. కాబట్టి వెతికే దిక్కు మారుతుంది. రిపోర్టులో రాసిన గాయాలను తీసుకుని అవి నిజంగా జరిగాయా అని చూడటం దండగ. జరగని ప్రమాదాన్ని ఎవరూ రాసుకోరు. బయటి నుంచి మొదలుపెట్టాలి: ప్లాంటులోని డిస్పెన్సరీ రిజిస్టరు, ఈఎస్ఐకి పంపిన ప్రమాద రిపోర్టులు, అంబులెన్స్ ట్రిప్ షీట్లు. వాటిలో ఉన్న పేరు భద్రతా విభాగం జాబితాలో ఉందా చూడాలి. వేలు నలిగిన మనిషి రిజిస్టరులో “ఫస్ట్ ఎయిడ్” అని ఉండి, హాజరు పుస్తకంలో మర్నాటి నుంచి నాలుగు రోజులు కనిపించకపోతే, అది ఫస్ట్ ఎయిడ్ కాదు.

గంటల వైపు కూడా అంతే. కాంట్రాక్టు కార్మికుల గంటలను మనుషుల సంఖ్య, 26 రోజులు, 8 గంటలు అని హెచ్చించి రాసేస్తారు. లిమిటెడ్‌లో ఆ పద్ధతి గురించి అడిగి తెలుసుకుంటాం. రీజనబుల్‌లో కాంట్రాక్టర్ వేతన రిజిస్టరు, బయోమెట్రిక్ డేటా పక్కన పెట్టి చూస్తాం. గంటలు పెంచి రాస్తే గాయాల రేటు దానంతటదే తగ్గుతుంది. ఇవి మనుషుల ప్రాణాలకు సంబంధించిన అంకెలు కాబట్టి ఇక్కడ నేను శాతాల హద్దు చూడను. ఒక్క మరణాన్ని వదిలేసినా అది మెటీరియలే.

శాంపిల్ ఎన్ని తీసుకుంటారు?

సంఖ్య ఏ ప్రమాణంలోనూ రాసిలేదు. రిస్కు ఎంత, కంట్రోల్ మీద ఎంత ఆధారపడుతున్నాం అన్నదాన్ని బట్టి మారుతుంది.

అష్యూరెన్స్ ఇచ్చేవాళ్లను మే నెలలో నియమిస్తే సరిపోతుందా?

లిమిటెడ్‌కు ఎలాగో సర్దుకోవచ్చు. రీజనబుల్‌కు ఇబ్బందే. మార్చి 31 సాయంత్రం యార్డులో బొగ్గు గుట్ట ఎంతుందో మే నెలలో వచ్చి కొలవలేం. అప్పటికి అది కాలిపోయి ఉంటుంది. కంట్రోల్ ఏడాది పొడవునా నడిచిందో లేదో ఆఖర్లో వచ్చి చూస్తే, కాగితం మాత్రమే కనిపిస్తుంది. డిసెంబరు లోపు నియమించండి. జనవరిలో ఒకసారి తొమ్మిది నెలల డేటా మీద పని చేయించండి. అప్పుడు దొరికిన తప్పును మిగతా మూడు నెలల్లో దిద్దుకోవచ్చు.

మొదటిసారి రీజనబుల్ తీసుకునే కంపెనీకి నిరుటి ఆఖరి స్టాకును ఎవరూ చూసి ఉండరు. ఆవిరి లెక్క నుంచి, ఏప్రిల్ మొదటి వారం వాడకం నుంచి వెనక్కి లెక్కగట్టి దాన్ని నిర్ధారించుకోవాల్సి వస్తుంది. కుదరకపోతే ఆ సంగతి రిపోర్టులో రాయాల్సి వస్తుంది.

లిమిటెడ్ పనిలో ఏదైనా అనుమానం వస్తే, అది మా పరిధి కాదని వదిలేయొచ్చా?

వదిలేయకూడదు. అష్యూరెన్స్ పనికి అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఏఈ 3000 ఈ విషయంలో స్పష్టంగా ఉంది. అంకె ముఖ్యంగా తప్పయి ఉండొచ్చని అనిపించే విషయం కంటబడితే, తప్పు లేదనో ఉందనో తేల్చుకునేదాకా అదనపు పని చేయాల్సిందే. లిమిటెడ్‌లో తక్కువగా వెతుకుతాం, అంతేగానీ కనబడినదాన్ని చూడనట్టు ఉండటానికి వీల్లేదు. గ్రీన్‌హౌస్ వాయువుల లెక్కకు విడిగా ఐఎస్ఏఈ 3410 ఉంది. సస్టైనబిలిటీ అష్యూరెన్స్ కోసమే 2024 నవంబరులో వచ్చిన ఐఎస్ఎస్ఏ 5000, 2026 డిసెంబరు 15న గానీ ఆ తర్వాత గానీ మొదలయ్యే కాలాలకు వర్తిస్తుంది. మన దేశంలో చార్టర్డ్ ఎకౌంటెంట్ల సంస్థ ఐసీఏఐ, ఎస్ఎస్ఏఈ 3000 అనే ప్రమాణం తెచ్చింది.

ఒక ప్లాంటు ఆధారాలు దొరకలేదు. మొత్తం రిపోర్టు పోయినట్టేనా?

కాదు. ఆ ప్లాంటు అంకె ముఖ్యమైనదైతే, దాని మేరకు మినహాయింపుతో అభిప్రాయం ఇస్తారు. మిగతా అంతటికీ అభిప్రాయం నిలబడుతుంది. ఆ లోటు మొత్తం రిపోర్టునే దెబ్బతీసేంత పెద్దదైతే అభిప్రాయం ఇవ్వలేమని చెబుతారు. మినహాయింపు వస్తుందన్న టెన్షన్‌తో పాత తేదీలతో రిజిస్టరు కొత్తగా రాయించే వాళ్లను చూశాను. దయచేసి ఆ పని చేయకండి. కాగితం లేకపోవడం ఒక లోటు మాత్రమే. తయారు చేసిన కాగితం దొరికితే మీరిచ్చిన మిగతా కాగితాల్లో దేన్నీ నమ్మలేం.

మా రిపోర్టు రాసిపెట్టిన కన్సల్టెంటే అష్యూరెన్స్ ఇవ్వొచ్చా?

ఇవ్వకూడదు. సెబీ అష్యూరెన్స్ ఇచ్చేవాళ్లకు స్వతంత్రత, తగిన నైపుణ్యం ఉండాలంది. చార్టర్డ్ ఎకౌంటెంటే అయి ఉండాలని లేదు. తను వేసిన లెక్కను తనే పరీక్షించడం మాత్రం కుదరదు.

ఇన్వెస్టరుగా రిపోర్టు చదివేటప్పుడు ఏం చూడాలి?

అష్యూరెన్స్ లెటర్‌లో నాలుగు చోట్ల చూడండి. ముందు ముగింపు వాక్యం “మా అభిప్రాయంలో” అని ఉందా, “మా దృష్టికి రాలేదు” అని ఉందా. తర్వాత ఏ అంకెలకు అని జాబితా. చాలాసార్లు కవర్ పేజీ మీద అష్యూరెన్స్ అని పెద్దగా ఉండి, జాబితాలో నాలుగే అంకెలు ఉంటాయి. మూడోది ఏ ప్లాంట్లకు వెళ్లారో. కంపెనీకి పన్నెండు ప్లాంట్లుండి, రెండు వీడియో కాల్స్‌తో రీజనబుల్ ఇచ్చారంటే కంపెనీని అడగాల్సిన విషయమే. నాలుగోది నిరుటి అంకె పక్కన సవరించినట్టు నోట్ ఉందా. మన బొగ్గు కంపెనీలో 48,578 కాస్తా 45,792 అయిందని కారణంతో సహా రాసి ఉంటే, ఆ కంపెనీ పని సక్రమంగా జరిగినట్టు. పాత అంకె నోట్ లేకుండా మారిపోయి ఉంటే, ఆ ప్రశ్నను ఏజీఎంలో లేవనెత్తండి.